జ్యుడీషియల్ సెపరేషన్ తీసుకుంటే, ఏడాది తర్వాత ఆయనే విడాకులు అడగొచ్చా?

వానచినుకు
అందరికీ నమస్కారం. పెళ్ళయి పదిహేడేళ్ళు. మూడేళ్ళుగా నేనూ, పదిహేనేళ్ళ మా పాపా విడిగా ఉంటున్నాం. ఆయన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి, 2002లో చేరారు. చెయ్యి చేసుకోవడం, నా నగలు చెప్పకుండా కుదువ పెట్టడం, చాలా ఉన్నాయి, ఇక్కడ రాయను. నెల కిందట ఆయన లాయర్ నుంచి నోటీసు వచ్చింది. ఇద్దరం ఒప్పుకుని విడాకులు తీసుకుందాం, ఒకేసారి కొంత డబ్బు ఇస్తాం అని. నాకు మళ్ళీ పెళ్ళి ఆలోచన లేదు. భార్యగా నాకూ పాపకూ రావాల్సినవి పోగొట్టుకోవడం ఇష్టం లేదు. మా లాయర్ గారు "జ్యుడీషియల్ సెపరేషన్ వేద్దామమ్మా, అంటే విడాకులు లేకుండానే కోర్టు డిక్రీతో విడిగా ఉండటం, భార్య హోదా అలాగే ఉంటుంది" అన్నారు. వినడానికి బాగుంది. కానీ ఏడాది తర్వాత ఏదో అవుతుందని మా పిన్ని అంటోంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

సర్దుకుపోదాం
అక్కా, ఇద్దరూ ఒప్పుకుంటే అంత కష్టమేం కాదు. మా తమ్ముడిదీ అంతే, జాయింట్ పిటిషన్ వేశారు, ఆరు నెలలు ఆగమన్నారు, తర్వాత రెండో సంతకం, అయిపోయింది. ఏడాది పాటు విడిగా ఉండి ఉంటే చాలు, మీకు మూడేళ్ళయింది కదా. అంత టెన్షన్ ఎందుకు?

వానచినుకు
అది పరస్పర అంగీకారంతో విడాకులు అండి. నేను అడిగింది విడాకులు వద్దనుకుంటే ఏం చేయాలని.

రెండోఅభిప్రాయం
మీ పిన్ని గారు చెప్పింది నిజమే. సెపరేషన్ డిక్రీ వచ్చాక ఏడాది గడిస్తే అదే విడాకులైపోతుంది. ఆటోమేటిక్. కోర్టుకు మళ్ళీ వెళ్ళక్కర్లేదు. మా ఆఫీసులో ఒకాయనకు అలాగే అయింది. అందుకే వాళ్ళ బంధువులు వెంటనే రెండో సంబంధం చూశారు.

నల్లకోటు
రెండోఅభిప్రాయం గారు, సగం కరెక్టు, సగం చాలా ప్రమాదం. ఆ ఆఫీసు ఆయన విడాకుల డిక్రీ లేకుండా రెండో పెళ్ళి చేసుకుని ఉంటే ఆ పెళ్ళి చెల్లదు, పైగా మొదటి భార్య కేసు పెడితే నేరం కింద కూడా వస్తుంది. సెపరేషన్ డిక్రీ పెళ్ళిని తెంచదు. ఒకే ఇంట్లో కాపురం చేయాలన్న బాధ్యతను మాత్రం ఆపుతుంది. దానంతట అది ఎన్నేళ్ళయినా విడాకులు కాదు.

ఏడాది సంగతి ఇది. హిందూ వివాహ చట్టం 13(1A) కింద, సెపరేషన్ డిక్రీ వచ్చిన తర్వాత ఏడాది పాటు మళ్ళీ కాపురం మొదలుకాకపోతే, ఆ ఇద్దరిలో ఎవరైనా విడాకుల పిటిషన్ వేయొచ్చు. ఎవరైనా అన్న మాట రెండుసార్లు చదవండి. సెపరేషన్ కోరి గెలిచిన వాళ్ళకే కాదు, ఓడిపోయిన వాళ్ళకు కూడా ఆ హక్కు ఉంది. మొదట చట్టంలో రెండేళ్ళు ఉండేది, 1976 సవరణలో ఒక ఏడాదికి తగ్గించారు.

వానచినుకు గారి ప్రశ్న అసలు ఇక్కడే ఉంది. మీ దగ్గర ఇప్పుడు ఆయనకు విడాకులు ఇప్పించే కారణం ఏదీ లేదు. ఆయన తప్పు చేశారు, మీరు కాదు. అలాంటప్పుడు ఆయన మీ మీద కేసు వేస్తే మీ తప్పు ఆయనే నిరూపించాలి, అది కష్టం. అందుకే నోటీసులో అంత తీపిగా అంగీకారం అంటున్నారు. మీరు సెపరేషన్ డిక్రీ తెచ్చుకుంటే, ఏడాది తర్వాత ఆయన మీ తప్పేమీ నిరూపించనక్కర్లేదు. చాలాసార్లు క్యాలెండర్ చూపిస్తే సరిపోతుంది.

వానచినుకు
అంటే నా డిక్రీతో ఆయనే విడాకులు తెచ్చుకుంటారా?

అటువైపు
తెచ్చుకుంటారమ్మా. నేనే తెచ్చుకున్నాను. ఇక్కడ తిట్లు తింటానని తెలిసే రాస్తున్నాను.

మా ఆవిడ క్రూరత్వం కింద సెపరేషన్ వేసింది. విడాకులు అడగలేదు, వాళ్ళ ఇంట్లో విడాకులంటే పరువు. నేను కౌంటర్ వేశాను, ఓడిపోయాను. డిక్రీ కాపీ తెచ్చుకున్న రోజు మా లాయర్ దాని మీద తేదీ చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, "ఈ తేదీకి సరిగ్గా ఏడాది దాటాక రండి" అన్నారు. నేను ఓడిపోయానని ఏడుస్తుంటే ఆయన గెలిచినట్టు మాట్లాడారని అప్పుడు కోపం వచ్చింది. పధ్నాలుగు నెలలకు పిటిషన్ వేశాం. నెలనెలా కోర్టు చెప్పిన డబ్బు బ్యాంకులోనే వేస్తూ వచ్చాను, ఆ స్టేట్‌మెంట్లు పెట్టాం. ఆమె ప్రశ్న ఒకటే, "తప్పు నాది కానప్పుడు నాకెందుకు శిక్ష?" నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. కోర్టు విడాకులు ఇచ్చింది.

ఏడునెలల
నాది వేరే కథ, అయినా చెప్తాను. నాకు పెళ్ళయిన ఏడో నెలలోనే బయటికి వచ్చేయాల్సి వచ్చింది. విడాకులు వేద్దామంటే పెళ్ళయి ఏడాది కాలేదు కాబట్టి మామూలుగా పిటిషన్ తీసుకోరన్నారు. చాలా అసాధారణ కష్టం అని చెప్పి ప్రత్యేక అనుమతి అడగాలట. సెపరేషన్‌కు ఆ ఏడాది అడ్డు లేదు, అందుకని అదే వేశాను. కేసు నడుస్తుండగానే మెయింటెనెన్స్ ఆర్డర్ వచ్చింది. అప్పుడు నాకు అది కావాలి. ఇప్పుడు ఆ డిక్రీని విడాకులుగా మార్చుకోవడానికి ఎదురుచూస్తున్నాను, కాబట్టి ఆ ఏడాది నాకు మంచిదే. మీకు చెడ్డది. అదే రూలు.

ఇంకో మాట. డిక్రీ లేకపోయినా సరే, విడిగా ఉంటున్న భార్య మీద ఆమె ఇష్టం లేకుండా భర్త లైంగికంగా బలవంతం చేస్తే అది నేరం, రెండు నుంచి ఏడేళ్ళ జైలు. మా ఆయన "ఇంకా నా భార్యవే కదా" అని వచ్చినప్పుడు ఇది తెలియక భయపడ్డాను. మీకు అవసరం రాకూడదు, అయినా తెలిసి ఉండాలి.

నల్లకోటు
ఏడునెలల గారు చెప్పింది సరైనది. పాత శిక్షాస్మృతిలో 376బి, ఇప్పుడు న్యాయసంహితలో 67.

అటువైపు గారు, మిమ్మల్ని ఎవరూ తిట్టరులెండి. పైగా మీ పోస్టులో అసలు విషయం దాగి ఉంది, మీరు డబ్బు కట్టారు. దానివల్లే మీకు విడాకులు దొరికాయి.

2001లో సుప్రీంకోర్టు ముందుకు హీరాచంద్ వర్సెస్ సునంద అనే కేసు వచ్చింది. భర్త మరో స్త్రీతో ఉంటున్నాడని భార్య సెపరేషన్ డిక్రీ తెచ్చుకుంది. కోర్టు ఆమెకూ కూతురికీ మెయింటెనెన్స్ చెప్పింది. ఆయన కట్టలేదు, ఆ సంబంధమూ మానలేదు. ఏడాది దాటాక మాత్రం 13(1A) కింద విడాకులు ఇమ్మని వచ్చాడు. కోర్టు ఇవ్వలేదు. ఏడాది గడవడం ఒక్కటే చాలదు, తన సొంత తప్పు నుంచి లాభం పొందేవాళ్ళకు విడాకులు రావు అన్నది 23వ సెక్షన్. డిక్రీ తర్వాత కూడా తప్పు కొనసాగించడమే అక్కడ ఆయన్ను ఓడించింది.

మరి డిక్రీకి ముందు కొట్టాడు, ఆ కారణంగానే డిక్రీ వచ్చింది, ఆ తర్వాత మెయింటెనెన్స్ ఠంచనుగా కడుతున్నాడు, ఎవరి జోలికీ వెళ్ళడం లేదు అంటే? అప్పుడు అతను మునుపు చేసిన తప్పే మళ్ళీ చూపించి అతని విడాకులు ఆపడం కష్టం. అలా ఆపితే 13(1A) ఓడిన పక్షానికి ఇచ్చిన హక్కుకు అర్థమే ఉండదు. సరిగ్గా అటువైపు గారి కేసు.

రెండోఅభిప్రాయం
సరే ఒప్పుకుంటా, ఆటోమేటిక్ కాదు. ఆ ఆఫీసు ఆయన సంగతి మళ్ళీ కనుక్కుంటాను. కానీ నాకో సందేహం. ఆ ఏడాదిలో ఆయన ఒకసారి పాపను చూడ్డానికి వచ్చి రాత్రి ఉండిపోతే, కాపురం మళ్ళీ మొదలైనట్టేనా? అప్పుడు ఏడాది లెక్క పోతుంది కదా?

నల్లకోటు
ఒక్క రాత్రి పాపకు జ్వరమని ఉంటే అది కాపురం కాదు. భార్యాభర్తలుగా మళ్ళీ కలిసి బతుకుదామని ఇద్దరూ అనుకుని మొదలుపెట్టాలి. ఆ మనసు ఉందా లేదా అన్నది సాక్ష్యం బట్టి తేలుతుంది, అందుకే ఇలాంటివి కోర్టులో గొడవ అవుతాయి. నిజంగా కలిసిపోతే, డిక్రీ రద్దు చేయమని ఎవరైనా పిటిషన్ వేయొచ్చు. చాలామంది కలిసిపోయి ఆ కాగితాన్ని అలాగే బీరువాలో వదిలేస్తారు. పదేళ్ళకు మళ్ళీ తగువు వస్తే ఆ పాత తేదీతో ఒకరు బయల్దేరతారు. రద్దు చేయించుకోవడం మంచిది.

పెన్షన్‌సెక్షన్
రిటైర్ అయిన గుమాస్తాని. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో పెన్షన్ ఫైళ్ళే చూశాను, కోర్టు సంగతులు నాకు తెలియవు. వానచినుకు గారికి నేను చెప్పగలిగింది ఫ్యామిలీ పెన్షన్ గురించి. ఆయన 2002లో చేరారన్నారు కాబట్టి పాత పెన్షన్ కిందకే వస్తారు. 2004 జనవరి తర్వాత చేరి ఉంటే కథ వేరు.

విడాకులైన భార్యకు ఫ్యామిలీ పెన్షన్ లేదు. నెలనెలా మనోవర్తి తీసుకుంటున్నా సరే, ఆయన పోయిన రోజు నుంచి మా లెక్కలో ఆమె కుటుంబం కాదు. సెపరేషన్ డిక్రీ ఉన్న భార్య మాత్రం కుటుంబమే. ఒకే ఒక మినహాయింపు, ఆమె వ్యభిచారం చేసిందని తేలి ఆ కారణంతో డిక్రీ వచ్చి ఉండకూడదు. మీ కేసులో అది లేదు.

లెక్క చెప్తాను. ఆయన చివరి మూల వేతనం 70,000 అనుకోండి. మామూలు రేటు అందులో 30 శాతం, అంటే 21,000, దాని మీద కరువు భత్యం. అది మీకు బతికున్నంత కాలం, లేదా మళ్ళీ పెళ్ళి చేసుకునే దాకా. ఆయన లాయర్ ఒకేసారి ఇస్తామన్న మొత్తం పక్కన దీన్ని పెట్టి చూసుకోండి. దాన్ని ఎన్నేళ్ళతో గుణించాలో ఆ దేవుడికే తెలుసు, కానీ పక్కన పెట్టండి.

పిల్లలున్నప్పుడు ఒక మెలిక ఉంది. భార్య సెపరేషన్‌లో ఉండగా ఆయన పోతే, మైనర్ పాపకు గార్డియన్ మీరే అయి ఉంటే పెన్షన్ మీకే ఇస్తారు. గార్డియన్ ఇంకెవరో అయితే వాళ్ళ ద్వారా పాపకు వెళ్తుంది. అందుకని కోర్టులో పాప కస్టడీ ఆర్డర్ కూడా రాతపూర్వకంగా ఉండేలా చూసుకోండి. నాకు బాగా గుర్తున్న ఫైలు ఒకటి. కుటుంబ వివరాల ఫారంలో ఉద్యోగి తన చేత్తోనే భార్య పేరు మీద ఎర్ర గీత కొట్టి పక్కన "విడిపోయాము" అని రాశాడు. డిక్రీ సెపరేషన్‌దే, విడాకులది కాదు. ఆయన పోయాక ఆమె వచ్చి కౌంటర్ దగ్గర నిలబడితే మావాళ్ళు ఆ ఎర్ర గీత చూపించి పంపేశారు. తర్వాత ఆమె డిక్రీ సర్టిఫైడ్ కాపీ తెచ్చింది. అది చదివాక గీతకు విలువ లేదని తేలింది, కానీ ఎనిమిది నెలలు పోయాయి. మీరు కాపీలు మూడు తీయించుకోండి.

వానచినుకు
పెన్షన్‌సెక్షన్ గారూ, చాలా థాంక్స్ అండి. ఇది మా లాయర్ గారు చెప్పలేదు. ఆయన ఆస్తి సంగతి?

నల్లకోటు
సెపరేషన్ డిక్రీ ఉన్నా, వీలునామా రాయకుండా ఆయన పోతే మీరు మొదటి తరగతి వారసురాలే, పాపా వారసురాలే. కానీ ఆయన స్వార్జితం మీద వీలునామా రాసి మీకేమీ లేకుండా చేసే స్వేచ్ఛ ఆయనకు ఉంది. పెన్షన్‌ను మాత్రం వీలునామాతో ఎవరికీ రాసివ్వలేరు. కాబట్టి మీ కేసులో భార్య హోదాకు నిజమైన బలం ఆస్తి కంటే పెన్షన్‌లోనే ఉంది. అది కూడా ఏడాది తర్వాత ఆయన విడాకుల పిటిషన్ వేయకుండా ఉన్నంత వరకే. ఆయన దగ్గర లాయర్ ఉన్నాడని నోటీసే చెబుతోంది.

మీరు ఆలోచించాల్సిన దారి ఇంకోటి ఉంది. సెపరేషన్ వేయకుండానే, హిందూ దత్తత, పోషణ చట్టం 18(2) కింద విడిగా ఉండే హక్కు, మెయింటెనెన్స్ కలిపి అడగొచ్చు. క్రూరత్వం దానికి చాలిన కారణం. మీకు నెలనెలా డబ్బు వస్తుంది, విడిగా ఉండటానికి న్యాయమైన కారణం ఉందని కోర్టు కాగితం కూడా ఉంటుంది. ఆ తీర్పుకు 13(1A) వర్తించదు. ఏడాది మెట్టు అనేదే ఉండదు.

రెండోఅభిప్రాయం
కానీ ఆవిడ మూడేళ్ళ కిందట ఇల్లు వదిలేసింది కదా. రెండేళ్ళు దాటితే వదిలేసి వెళ్ళిపోయింది అని ఆయన విడాకులు వేయొచ్చు. దీనికి మాత్రం నేను కరెక్టే.

నల్లకోటు
వేయొచ్చు, గెలవాలిగా. సరైన కారణం లేకుండా వెళ్ళిపోతేనే వదిలేసి వెళ్ళినట్టు. కొట్టినందుకు బయటికొస్తే అది వేరు. నిరూపించాల్సింది ఆయనే, అయినా కారణం ఉందని చూపించే ఆధారాలు ఆవిడ దగ్గర ఉండటం మంచిది. దెబ్బల ఫోటోలు, ఆసుపత్రి చీటీలు, అప్పుడు ఎవరికైనా పంపిన మెసేజీలు, కుదువ కొట్టు రసీదు దొరికితే అది కూడా. మూడేళ్ళయింది కాబట్టి ఇవాళే వెతకడం మొదలుపెట్టండి.

అటువైపు
నల్లకోటు గారు, ఒక్కటి ఒప్పుకోను. నాలాంటివాడికి ఏ దారీ లేకుండా చేసి ఇరవై ఏళ్ళు పేరుకు భర్తగా ఉంచడం న్యాయమా? నేను తప్పు చేశాను, కోర్టు చెప్పింది, డబ్బు కడుతున్నాను. ఇప్పటికైనా బయటపడే వీలు ఉండాలిగా. ఆ ఏడాది రూలు పెట్టింది అందుకే అనుకుంటాను.

ఏడునెలల
అన్నా, మీ దారి మీకుంది, వాడుకున్నారు కూడా. ఆమె దారి వేరు, అంతే. ఆవిడ తన డిక్రీతో మీలాంటివాళ్ళకు తలుపు తీసి పెట్టాలని ఏముంది?

సర్దుకుపోదాం
ఇప్పుడు అర్థమైంది అక్కా, మొదట తప్పుగా చదివాను. ఒకటి అడగనా? మీరు ఇద్దరూ ఒప్పుకునే సెపరేషన్ తీసుకుంటే ఆ డిక్రీలోనే "విడాకులు అడగను" అని రాయించుకోవచ్చు కదా?

నల్లకోటు
మంచి ప్రశ్న. ఒప్పందం మీద మాత్రమే సెపరేషన్ ఇచ్చే సెక్షన్ మన చట్టంలో లేదు, విడాకులకు చెల్లే కారణాల్లో ఏదో ఒకటి చూపించాలి. ఎదుటివాళ్ళు కౌంటర్ వేయకపోవడం వేరు. విడాకులు అడగను అని రాసిచ్చిన మాట రేపు కోర్టు ముందు ఎంతవరకు నిలబడుతుందో నేను మాత్రం పందెం కాయను. నాకు తెలిసిన ఇద్దరు సీనియర్లు ఈ విషయంలో రెండు రకాలుగా మాట్లాడతారు.

మీరు 18(2)కి వెళ్ళినా, ఆయన ముందే మీ మీద విడాకుల కేసు వేస్తే కథ మారుతుంది. ఆ కేసులో కోర్టు తనంతట తానే విడాకుల బదులు సెపరేషన్ ఇవ్వొచ్చు, అప్పుడు మీరు వద్దనుకున్న ఆ ఏడాది మెట్టు మళ్ళీ వచ్చి పడుతుంది. అలా జరిగితే అప్పీలుకు తొంభై రోజులు ఉంటుంది, వదులుకోవద్దు.

వానచినుకు
మా లాయర్ గారికి ఈ పేజీ ప్రింట్ తీసి చూపించాను. ఆయన కాస్త చిన్నబుచ్చుకున్నారు, తర్వాత "13(1A) నాకు తెలుసమ్మా, మీరు విడాకులకు భయపడరనుకున్నాను" అన్నారు. భయం కాదు, లెక్క అని చెప్పాను. సెపరేషన్ పిటిషన్ పక్కన పెట్టారు. 18(2) కింద మెయింటెనెన్స్, దానితోపాటు పాప కస్టడీ ఆర్డర్ అడగమన్నాను. నోటీసుకు జవాబు ఇంకా రాయలేదు, ఒకేసారి ఇస్తామన్న మొత్తానికి పెన్షన్ లెక్క పక్కన పెట్టి మా అన్నయ్యతో కూర్చుని చూడాలి. పెట్టెలో వెతికితే కుదువ కొట్టు రసీదు దొరికింది. దాని మీద నా సంతకం లేదు, ఆయనది ఉంది. తేదీ 2021 ఆగస్టు.

పెన్షన్‌సెక్షన్
రసీదు జిరాక్స్ కోర్టులో ఇవ్వండమ్మా, ఒరిజినల్ మీ దగ్గరే ఉంచండి. ఒరిజినల్ కోర్టులో ఎప్పుడు చూపించాలో మీ లాయర్ గారిని అడగండి.